ఇంట్లోనే బ్యాండ్ రికార్డింగ్: గిటార్ ఆంప్ ముందు మైక్ ఎక్కడ పెట్టాలి, పాట ఎందుకు ముద్దగా వస్తుంది

పోయిన ఎపిసోడ్ కింద ఎక్కువ మంది అడిగింది ఒకటే ప్రశ్న. "అన్నా, రూమ్‌లో వాయిస్తుంటే గూస్‌బంప్స్ వస్తున్నాయి, రికార్డ్ చేసి వింటే మాత్రం దుప్పటి కప్పినట్టు ఉంటోంది, ఏం చేయాలి?" ఈ రోజు మొత్తం దాని గురించే. హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి, పక్కన ఒక పేపర్ పెట్టుకున్నా మంచిదే.

ఊరికే థియరీ చెప్పకుండా ఒక నిజమైన కేసు తీసుకుందాం. వైజాగ్‌లో ఇంజనీరింగ్ ఫైనల్ ఇయర్ చదివే నలుగురు కుర్రాళ్లు ఉన్నారు. డ్రమ్స్, బేస్, రెండు గిటార్లు, ఒక గిటారిస్టే పాడతాడు. సొంతంగా రాసుకున్న ఒకే ఒక్క పాట ఉంది, నాలుగు నిమిషాలు. డ్రమ్మర్‌కి పుణెలో జాబ్ వచ్చింది, మూడు వారాల్లో వెళ్లిపోతున్నాడు. అంటే ఈ లైనప్‌తో ఆ పాట రికార్డ్ అయితే ఇప్పుడే అవ్వాలి. వాళ్లు ఒకసారి రికార్డ్ చేసి ఫైల్స్ నాకు పంపారు. మిక్స్ చేసి పెట్టమని అడిగారు. నేను విని, "మిక్స్ తర్వాత చూద్దాం, ముందు గిటార్లు మళ్లీ రికార్డ్ చేద్దాం" అన్నాను. ఎందుకన్నానో మీకు చివరికి క్లియర్ అవుతుంది.

వాళ్ల దగ్గర ఉన్న సామాను చెప్తాను. రెండు ఇన్‌పుట్లు ఉన్న చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్. ఒక షూర్ ఎస్ఎం57 మైక్. 20 వాట్ల ప్రాక్టీస్ ఆంప్. ఒక ల్యాప్‌టాప్, చెవుల్ని పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ ఒక జత. మేడ మీద పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు ఉన్న గది. అంతే. మీలో చాలా మంది దగ్గర ఉండేది కూడా ఇంచుమించు ఇదే. లేకపోతే కొనుక్కోవాల్సింది కూడా ఇంతే.

ముందు ఇంటర్‌ఫేస్ సంగతి. "ఫోన్‌లోనే రికార్డ్ చేస్తే పోలా?" అని అడుగుతారు. ఫోన్ మైక్ మనిషి మాట కోసం చేసింది. సౌండ్ పెద్దదైతే ఫోన్ తనంతట తానే లెవెల్ తగ్గిస్తుంది, చిన్నదైతే పెంచుతుంది. డ్రమ్ కొట్టినప్పుడల్లా గిటార్ లోపలికి వెళ్లి మళ్లీ బయటికి వస్తున్నట్టు వినిపించేది అందుకే. ఇంటర్‌ఫేస్ అలాంటి తెలివితేటలు చూపించదు. మైక్ నుంచి వచ్చే చిన్న కరెంట్‌ని శుభ్రంగా పెంచి, అంకెలుగా మార్చి, యూఎస్‌బీ ద్వారా ల్యాప్‌టాప్‌కి పంపిస్తుంది. తిరిగి ల్యాప్‌టాప్ నుంచి వచ్చేదాన్ని హెడ్‌ఫోన్స్‌కి ఇస్తుంది. దాని పని అంతవరకే.

ఇందులో మీరు సరిగ్గా చేయాల్సినవి మూడే మూడు. మొదటిది, ఏ వైర్ ఎక్కడ పెడుతున్నారన్నది. మైక్‌ని మూడు పిన్నులుండే ఎక్స్‌ఎల్ఆర్ కేబుల్‌తో పెట్టాలి. బేస్ గిటార్‌ని మామూలు గిటార్ కేబుల్‌తో నేరుగా ఇంటర్‌ఫేస్‌కి పెట్టొచ్చు, కానీ పక్కనున్న ఇన్‌స్ట్రుమెంట్ బటన్ ఆన్ చేయాలి. ఆ బటన్ ఎందుకంటే, గిటార్ పికప్ చాలా నాజూకైనది. ఎదుటి ఇన్‌పుట్ దాని నుంచి ఎక్కువ లాగేసుకుంటే పైనున్న మెరుపంతా పోయి సౌండ్ చప్పగా అయిపోతుంది. ఇన్‌స్ట్రుమెంట్ మోడ్‌లో ఇన్‌పుట్ సుమారు 10 లక్షల ఓమ్‌ల రెసిస్టెన్స్ చూపిస్తుంది, కాబట్టి పికప్ మీద భారం పడదు. ఈ కుర్రాళ్ల బేస్ ట్రాక్ చప్పగా ఉండటానికి కారణం ఇదే, బటన్ ఆఫ్‌లో ఉంది. ముద్దతనం అక్కడే మొదలైంది.

ఇంకో మాట, ఇది జాగ్రత్తగా వినండి. ఆంప్ వెనకాల స్పీకర్ అవుట్ అని ఉంటే దాన్ని ఎట్టి పరిస్థితుల్లోనూ ఇంటర్‌ఫేస్‌కి కనెక్ట్ చేయకండి. అది స్పీకర్‌ని కదిలించే పవర్, ఇంటర్‌ఫేస్ కాలిపోతుంది. వాల్వ్ ఆంప్ అయితే స్పీకర్ తీసేసి ఆన్ చేస్తే ఆంప్ కూడా పోతుంది. లైన్ అవుట్, హెడ్‌ఫోన్ అవుట్ అయితే ఫర్వాలేదు.

రెండోది గెయిన్. "ఎర్ర లైట్ వచ్చే దాకా పెంచితేనే క్వాలిటీ" అనేది టేప్ కాలం నాటి అలవాటు. ఇప్పుడు 24 బిట్‌లో రికార్డ్ చేస్తాం కాబట్టి కొంచెం తక్కువ లెవెల్‌లో చేసినా నాయిస్ సమస్య రాదు. పాటలో అన్నిటికంటే గట్టిగా వాయించే ముక్క వాయించమనండి. అప్పుడు మీటర్ మైనస్ 12 దగ్గర తాకేలా నాబ్ పెట్టండి. పొరపాటున ఉత్సాహంలో ఇంకా గట్టిగా వాయించినా మైనస్ 6 దాటదు. సున్నా తాకితే అంచులు తెగిపోతాయి, తెగింది మళ్లీ అతుక్కోదు. ఇక్కడ ఒక చిన్న విషయం, "గట్టిగా వాయించు" అంటే ఎవరైనా మొదట మొహమాటంగానే వాయిస్తారు. అసలు టేక్‌లో కచ్చితంగా అంతకంటే గట్టిగా వాయిస్తారు. అందుకే ఆ ఖాళీ ఉంచేది.

మూడోది లేటెన్సీ. వాయించిన నోట్ హెడ్‌ఫోన్స్‌లో ఆలస్యంగా వినిపిస్తే ఎంత గొప్ప ప్లేయర్ అయినా తాళం తప్పుతాడు. సాఫ్ట్‌వేర్‌లో బఫర్ అని ఒక సెట్టింగ్ ఉంటుంది. 48 కిలోహెర్ట్జ్ దగ్గర బఫర్ 512 పెడితే ఆ ఒక్క అడుగులోనే దాదాపు 11 మిల్లీసెకన్లు పోతాయి, లోపలికి ఒకసారి, బయటికి ఒకసారి. 128 పెడితే అది 3 మిల్లీసెకన్ల లోపు. రికార్డింగ్ అప్పుడు 128, మిక్సింగ్ అప్పుడు 1024. ల్యాప్‌టాప్ పాతదై టపటపమని శబ్దాలొస్తుంటే బఫర్ పెంచి, ఇంటర్‌ఫేస్ మీద ఉండే డైరెక్ట్ మానిటర్ ఆన్ చేయండి. అప్పుడు గిటార్ సౌండ్ ల్యాప్‌టాప్ దాకా వెళ్లకుండానే నేరుగా చెవికి వస్తుంది. విండోస్ వాడేవాళ్లు మాత్రం ఇంటర్‌ఫేస్ కంపెనీ ఇచ్చే ఏఎస్ఐఓ డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసుకోండి, లేకపోతే ఈ లెక్కలేవీ పని చేయవు.

రెండే ఇన్‌పుట్లతో బ్యాండ్ ఎలా అంటారా? అందరూ ఒకేసారి వాయించరు. ముందు క్లిక్ పెట్టుకుని, ఒక గిటార్, ఒక వాయిస్‌తో రఫ్‌గా పాట మొత్తం రికార్డ్ చేస్తారు. దాన్ని గైడ్ ట్రాక్ అంటాం, చివర్లో తీసేస్తాం. దాన్ని వింటూ డ్రమ్మర్ వాయిస్తాడు. వీళ్లు డ్రమ్స్ కోసం గంటకు అద్దె తీసుకునే ప్రాక్టీస్ రూమ్‌కి ఇంటర్‌ఫేస్ తీసుకెళ్లారు. ఎస్ఎం57 కిక్ డ్రమ్ ముందు, ఆ రూమ్‌లోనే ఉన్న కండెన్సర్ మైక్ డ్రమ్మర్ తల మీదుగా కిట్ మొత్తానికి. కండెన్సర్ మైక్‌కి 48 వోల్టుల బటన్ ఆన్ చేయాలి, ఎస్ఎం57కి అక్కర్లేదు. ఆ డ్రమ్స్ నిజంగా బాగానే వచ్చాయి, వాటిని ముట్టుకోలేదు. తర్వాత బేస్, తర్వాత గిటార్లు, చివర్లో వాయిస్. సమస్యంతా గిటార్ల దగ్గర ఉంది.

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మొదటిసారి వాళ్లు గిటార్ ఎలా రికార్డ్ చేశారో ఫోటో పంపమన్నాను. ఆంప్ నేల మీద, గది మూలలో, గోడకి ఆనించి ఉంది. ఆంప్ మీద బేస్ నాబ్ 8, గెయిన్ 9. మైక్ స్పీకర్ బట్టకి తగిలేంత దగ్గరగా, స్పీకర్ అంచు వైపు ఉంది. చూడటానికి ఇందులో తప్పేమీ కనిపించదు. కానీ ఒక్కొక్కటి విడదీసి చూడండి. నేల, రెండు గోడలు కలిసే చోట కింది శబ్దాలు సహజంగానే పెరుగుతాయి, అది ఒకటి. బేస్ నాబ్ 8, అది రెండు. ఎస్ఎం57 లాంటి మైక్‌ని మూలానికి దగ్గర చేసే కొద్దీ కింది శబ్దాలు పెరుగుతాయి, దీన్ని ప్రాక్సిమిటీ ఎఫెక్ట్ అంటారు, అది మూడు. స్పీకర్ అంచు దగ్గర పై శబ్దాలు తక్కువ, అది నాలుగు. నాలుగూ ఒకే వైపుకి తోస్తున్నాయి. పైగా రెండు గిటార్లూ ఇలాగే. మిక్స్‌లో కూర్చుని ఇదంతా తీయాలంటే, బిర్యానీలో ఉప్పు ఎక్కువయ్యాక ఒక్కొక్క మెతుకు కడుక్కోవడమే.

మరి వాళ్లు అలా ఎందుకు పెట్టుకున్నారు? రూమ్‌లో వినడానికి అదే బాగుంటుంది కాబట్టి. మీరు ఆంప్ ముందు నిలబడితే మీ చెవి స్పీకర్‌కి ఆరడుగుల దూరంలో, పైన ఉంటుంది. చిన్న ఆంప్ అక్కడికి పలచగా వినిపిస్తుంది, సో బేస్ పెంచుతారు. మైక్ చెవి స్పీకర్‌కి అంగుళం దూరంలో ఉంది. అది వినేది వేరే సౌండ్. అందుకే మొదటి రూల్: ఆంప్ నాబ్‌లు మైక్ వినేదాన్ని బట్టి తిప్పాలి, మీరు వినేదాన్ని బట్టి కాదు.

రెండోసారి ఏం చేశామో చెప్తాను. నేను వీడియో కాల్‌లో ఉన్నాను, చేసింది వాళ్లే. ముందు ఆంప్‌ని మూల నుంచి బయటికి లాగి, గట్టి చెక్క స్టూల్ మీద పెట్టారు. ప్లాస్టిక్ కుర్చీ వద్దు, అది కూడా వాయిస్తుంది. స్టూల్ మీద మడిచిన బెడ్‌షీట్ వేశారు. గదికి సరిగ్గా మధ్యలో కూడా పెట్టలేదు, గోడకి మూడడుగుల దూరంలో పెట్టారు. ఎదుటి గోడకి తలుపు మీదున్న పరదా కాకుండా మంచం పరుపు నిలబెట్టారు. మైక్ ఇంత దగ్గరగా ఉన్నప్పుడు గది ప్రభావం తక్కువే, కానీ పదడుగుల గదిలో 56 హెర్ట్జ్ దగ్గర, దాని రెట్టింపు 112 దగ్గర గోడల మధ్య శబ్దం మోగుతూ ఉంటుంది. పరుపు వాటిని పూర్తిగా ఆపలేదు, అంత కింది శబ్దాలకి అది చాలదు. గలగల మోగే ఎకోని మాత్రం తగ్గిస్తుంది. ఈ తేడా తెలుసుకోండి, గోడలకి పల్చటి ఫోమ్ అంటించి బేస్ సమస్య తీరుతుందని డబ్బులు పెట్టకండి.

సీలింగ్ ఫ్యాన్ ఆపేశారు. వైజాగ్ ఉక్కలో ఫ్యాన్ ఆపి రికార్డింగ్ అంటే శిక్షే, కానీ తప్పదు. గాలి మైక్‌కి తగలడం ఒకటి, ఫ్యాన్ రెగ్యులేటర్ వల్ల గిటార్ పికప్‌లో వచ్చే జుయ్ శబ్దం ఇంకొకటి. ల్యాప్‌టాప్ చార్జర్ పీకి బ్యాటరీ మీద నడిపారు, సగం బజ్ అక్కడే పోయింది. మిగిలినది గిటారిస్ట్ కూర్చున్న దిక్కు కొంచెం మార్చుకుంటే తగ్గింది. సింగిల్ కాయిల్ పికప్ ఉన్నవాళ్లు అక్కడే నెమ్మదిగా తిరుగుతూ చూడండి, ఒక కోణంలో హమ్ బాగా తగ్గుతుంది. ప్లగ్ ఎర్త్ పిన్ను మాత్రం విరగ్గొట్టకండి. హమ్ పోవచ్చు, దాంతో పాటు మీరూ పోవచ్చు. ఇంకో సంగతి, చెమటకి, వేడికి తీగలు శ్రుతి తప్పుతాయి. ప్రతి టేక్ ముందు ట్యూనర్ చూసుకోవాల్సిందే. రెండు గిటార్ల మధ్య శ్రుతిలో చిన్న తేడా ఉన్నా అది ముద్దగానే వినిపిస్తుంది, ఏ ఈక్యూ దాన్ని తీయలేదు.

నాబ్‌లు: గెయిన్ 9 నుంచి 5కి, బేస్ 8 నుంచి 4కి, మిడిల్ 6. గెయిన్ తగ్గించమంటే గిటారిస్టులు ఒప్పుకోరు, "పవర్ పోతుంది అన్నా" అంటారు. డిస్టార్షన్ పెరిగే కొద్దీ గట్టి, మెల్ల తేడా చదునైపోతుంది. తీగని మీటిన ఆ మొదటి "టక్" మాయమవుతుంది. అది లేకపోతే కార్డ్స్ ఒకదాని మీద ఒకటి పరుచుకుని గోడలా ఉంటాయి, రిథమ్ తెలియదు. రికార్డింగ్‌లో పవర్ గెయిన్ నుంచి రాదు, తర్వాత చెప్పే డబుల్ ట్రాకింగ్ నుంచి వస్తుంది.

వాల్యూమ్ ఎంత? పక్కన మనిషితో కొంచెం గొంతు పెంచి మాట్లాడాల్సినంత. మరీ తక్కువ పెడితే స్పీకర్ సరిగ్గా కదలదు, సౌండ్ చిన్న డబ్బాలోంచి వచ్చినట్టు ఉంటుంది. కింద ఓనర్ ఆంటీ ఉన్నారు కాబట్టి ముందే చెప్పి, మధ్యాహ్నం పదకొండు నుంచి నాలుగు లోపల పని పూర్తి చేసుకున్నారు.

ఇప్పుడు మైక్. ఫోన్ టార్చ్ ఆన్ చేసి ఆంప్ ముందు బట్ట మీద వేయండి. లోపల స్పీకర్ గుండ్రంగా కనిపిస్తుంది. మధ్యలో చిన్న బొడిపె లాంటి మూత ఉంటుంది, దాన్ని డస్ట్ క్యాప్ అంటారు. దాని చుట్టూ అంచు దాకా ఉండే పేపర్ భాగం కోన్. ఆంప్‌లో స్పీకర్ ఎప్పుడూ మధ్యలోనే ఉండదు, అందుకే టార్చ్ వేసి చూడమనేది. డస్ట్ క్యాప్ నడిమధ్య సౌండ్ చాలా పదునుగా, చెవిలో గుచ్చినట్టు ఉంటుంది. అంచుకి జరిగే కొద్దీ మెత్తబడి, డల్ అవుతుంది. మొదలుపెట్టడానికి మంచి చోటు డస్ట్ క్యాప్, కోన్ కలిసే గీత. ఆ గీతకి ఎదురుగా, బట్టకి రెండు వేళ్ల దూరంలో, నిటారుగా. అక్కడ ఒక చిన్న ముక్క టేప్ అంటించండి, స్టాండ్ జరిగినా మళ్లీ వెతుక్కోనక్కర్లేదు.

తర్వాత వీళ్లు చేసిన టెస్ట్ మీరూ చేయండి, పావుగంట పని. పాటలోంచి ఒకటే ఎనిమిది బార్ల రిఫ్ తీసుకుని ఐదు చోట్ల రికార్డ్ చేశారు. డస్ట్ క్యాప్ మధ్యలో ఒకటి. గీత మీద ఒకటి. కోన్ మధ్యలో ఒకటి. గీత మీదే కానీ మైక్‌ని 45 డిగ్రీలు వంచి ఒకటి. గీత మీదే, నాలుగంగుళాలు వెనక్కి జరిపి ఒకటి. ప్రతిసారీ మైక్ మాత్రమే కదులుతుంది, ఒక్క నాబ్ కూడా ముట్టుకోరు. కోడ్‌లో బగ్ వెతికేటప్పుడు ఒకేసారి రెండు లైన్లు మారిస్తే ఏది పని చేసిందో తెలియదు, ఇక్కడా అంతే. ప్రతి క్లిప్ మొదట్లో "రెండు, గీత మీద" అని నోటితో చెప్పి రికార్డ్ చేస్తే తర్వాత కన్‌ఫ్యూజన్ ఉండదు.

వినేటప్పుడు రెండు జాగ్రత్తలు. ఐదింటినీ ఒకే లౌడ్‌నెస్‌కి తెచ్చి వినండి. లేకపోతే ఏది పెద్దగా ఉంటే అదే బాగుందనిపిస్తుంది, చెవి చేసే మోసం అది. రెండోది, గిటార్‌ని ఒంటరిగా వినకండి. డ్రమ్స్, బేస్ కలిపి వినండి. ఒంటరిగా విన్నప్పుడు నలుగురూ కోన్ మధ్య క్లిప్ బాగుందన్నారు, నిండుగా ఉందని. డ్రమ్స్, బేస్ పెట్టగానే ఆ గిటార్ ఎక్కడుందో వెతుక్కోవాల్సి వచ్చింది. గీత మీద తీసిన క్లిప్ ఒంటరిగా కొంచెం పలచగా, కటువుగా ఉంది, బ్యాండ్‌తో మాత్రం ప్రతి స్ట్రోక్ స్పష్టంగా వినిపించింది. మొదటి గిటార్‌కి అదే ఖాయం చేశారు. రెండో గిటార్‌కి కావాలనే వేరేది తీసుకున్నారు, 45 డిగ్రీలు వంచినది. ఒకటి కొంచెం పదును, ఒకటి కొంచెం మెత్తన, చెవి రెండింటినీ విడిగా పట్టుకుంటుంది.

"రెండు మైకులు పెడితే ఇంకా బాగుంటుంది కదా?" పెట్టొచ్చు, కానీ మొదటి పాటకి వద్దంటాను. రెండు మైకుల దూరాల్లో 34 సెంటీమీటర్ల తేడా ఉంటే రెండోదానికి సౌండ్ ఒక మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది. రెండూ కలిపితే 500 హెర్ట్జ్ దగ్గర ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. గిటార్ బాడీ పోయి, గొట్టంలోంచి వచ్చినట్టు అవుతుంది. ఒక మైక్‌తో ఆ తలనొప్పి లేదు.

ఇప్పుడు డబుల్ ట్రాకింగ్. అదే పార్ట్‌ని మళ్లీ మొదటి నుంచి చివరి దాకా రెండోసారి వాయించి, ఒక టేక్‌ని పూర్తిగా ఎడమకి, ఇంకోదాన్ని పూర్తిగా కుడికి పెట్టడం. రెండుసార్లూ మనిషి వాయించినవే కాబట్టి సన్నటి తేడాలుంటాయి, ఆ తేడాల వల్లే వెడల్పు వస్తుంది. చాలా మంది ఒకే టేక్‌ని కాపీ చేసి రెండు వైపులా పెడతారు. అది డబుల్ ట్రాక్ కాదు. రెండు చెవుల్లో ఒకటే ఉంటే చెవి దాన్ని మధ్యలోనే వింటుంది, లెవెల్ పెరగడం తప్ప ఏమీ మారదు. పైగా వాయిస్ ఉండాల్సిన చోటు అది ఆక్రమిస్తుంది.

వీళ్లకి రెండు గిటార్లు ఉన్నాయి కాబట్టి మొదటి గిటార్ ఎడమ, రెండోది కుడి, కోరస్‌లో మాత్రం ఇద్దరూ ఇంకో టేక్ చేశారు. కానీ ఇక్కడ అసలు చిక్కు బయటపడింది. ఇద్దరూ ఒకటే కార్డ్, ఒకే చోట పట్టుకుంటున్నారు. పాట ఈ శ్రుతిలో ఉంది. ఇద్దరూ కింది ఓపెన్ ఈ తీగ మీద పవర్ కార్డ్ వాయిస్తున్నారు, అది 82 హెర్ట్జ్. బేస్ గిటార్ కింది ఈ 41 హెర్ట్జ్, దాని రెట్టింపు మళ్లీ 82. ముగ్గురు మనుషులు ఒకే కుర్చీలో కూర్చున్నట్టు. రెండో గిటారిస్ట్‌ని అదే ఈ కార్డ్‌ని ఏ తీగ మీద ఏడో ఫ్రెట్‌లో వాయించమన్నాను. ఒక ఆక్టేవ్ పైకి, 165 హెర్ట్జ్‌కి వెళ్లింది. పాట మారలేదు, కార్డ్ మారలేదు. కానీ ఆ ఒక్క మార్పుతో వచ్చినంత క్లారిటీ ఏ ప్లగిన్‌తోనూ రాలేదు. మీ పాట ముద్దగా ఉంటే ముందు ఈ ప్రశ్న వేసుకోండి: ఒకే చోట ఎంత మంది వాయిస్తున్నారు?

ఇక మిక్స్. ఇప్పుడు మిక్స్‌లో చేయాల్సింది కొంచెమే మిగిలింది. వీళ్లు వాడింది రీపర్. 60 రోజులు ఫ్రీగా వాడి చూడొచ్చు. మీ దగ్గర ఏది ఉన్నా పద్ధతి ఇదే. మొదట ఏ ఎఫెక్ట్ పెట్టకుండా ఫేడర్లు మాత్రమే సర్దండి. కిక్, స్నేర్, బేస్, వాయిస్ మధ్యలో, గిటార్లు రెండు వైపులా. ఇక్కడే పాట డెబ్భై శాతం సర్దుకోవాలి. సర్దుకోకపోతే రికార్డింగ్‌కి వెనక్కి వెళ్లాలన్న సంకేతం అది.

తర్వాత గిటార్లకి, వాయిస్‌కి హై పాస్ ఫిల్టర్. గిటార్లకి 90 హెర్ట్జ్ దగ్గర పెట్టాం. దాని కింద గిటార్‌కి ఉపయోగపడేది దాదాపు ఏమీ లేదు, ఆంప్ అదురు, స్టూల్ అదురు తప్ప. ఆ చోటు బేస్‌కి, కిక్‌కి ఇచ్చేశాం. బేస్‌కి, కిక్‌కి మాత్రం ఇక్కడ ఫిల్టర్ పెట్టకండి.

ముద్దతనం ఎక్కువగా కూర్చునేది 200 నుంచి 400 హెర్ట్జ్ మధ్యలో. గిటార్ బాడీ, బేస్ పై భాగం, వాయిస్ ఛాతీ భాగం, స్నేర్ మందం, అన్నీ అక్కడే కలుస్తాయి. పాట మొత్తం ప్లే అవుతుండగా ఈక్యూలో ఒక బ్యాండ్‌ని ఆ ప్రాంతంలో పెంచి మెల్లగా జరపండి. ఎక్కడైతే పాట ఊపిరాడనట్టు అవుతుందో అక్కడ ఆపి, పెంచినదాన్ని తగ్గింపుగా మార్చండి. వీళ్ల గిటార్లకి అది 280 దగ్గర దొరికింది, 3 డెసిబెల్స్ తగ్గించాం, వెడల్పుగా. అంతే. ఒక హెచ్చరిక: ఏ ఫ్రీక్వెన్సీని పెంచి విన్నా దరిద్రంగానే ఉంటుంది. కాబట్టి పెంచకముందే మీకు సమస్య వినిపించి ఉండాలి, లేకపోతే ముట్టుకోకండి. అన్ని ట్రాకుల్లోనూ 300 కోసేస్తే ముద్ద పోతుంది, దాంతో పాటు పాట వెచ్చదనం కూడా పోయి రేకు డబ్బాలా మోగుతుంది.

రివర్బ్ ఇంకో దొంగ. వాయిస్‌కి, స్నేర్‌కి పెట్టిన రివర్బ్ కింది శబ్దాలని కూడా సాగదీస్తుంది. ఆ రివర్బ్ ట్రాక్ మీదే 300 దగ్గర హై పాస్ పెట్టండి, వాయిస్ మీద కాదు. గాలి ఉంటుంది, బరువు ఉండదు.

చివరిగా చెక్ చేయడం. ముందు మాస్టర్ ట్రాక్‌ని మోనోకి మార్చి వినండి. గిటార్లు పూర్తిగా మాయమైతే ఎక్కడో ఫేజ్ తేడా ఉంది, కొంచెం మాత్రమే తగ్గితే మామూలే. తర్వాత ఫోన్ స్పీకర్. ఇక్కడ చాలా మంది తప్పుదారి పడతారు. ఫోన్ స్పీకర్ కింది శబ్దాలని దాదాపు ఇవ్వదు, కాబట్టి ఫోన్‌లో క్లియర్‌గా ఉందంటే ముద్దతనం లేదని కాదు. ఫోన్‌లో చూడాల్సింది వాయిస్ మాటలు తెలుస్తున్నాయా, గిటార్ రిథమ్ తెలుస్తోందా, బేస్ ఏ నోట్ వాయిస్తోందో కనీసం ఊహకి అందుతోందా అని. ముద్దతనం బయటపడేది మామూలు ఇయర్‌ఫోన్స్‌లో, కారులో. మీకు నచ్చిన ఒక రాక్ పాట తీసుకుని, మీ పాట లౌడ్‌నెస్‌కి దాన్ని తగ్గించి, ఒకదాని తర్వాత ఒకటి వినండి. రిలీజైన పాటలు చాలా లౌడ్‌గా ఉంటాయి, తగ్గించకుండా పోల్చితే మీ పాట ఓడిపోయినట్టే అనిపిస్తుంది.

ఈ పద్ధతికి ఉన్న హద్దు కూడా చెప్పాలి. రెండు మైకులతో తీసిన డ్రమ్స్‌లో స్నేర్‌ని విడిగా పెంచలేం, టామ్‌లని పక్కలకి జరపలేం. ఈ పాటలో కోరస్ దగ్గర స్నేర్ ఇంకొంచెం ఉంటే బాగుండేది, అది అలాగే ఉండిపోయింది. డ్రమ్మర్ స్నేర్‌ని గట్టిగా, సింబల్స్‌ని మెల్లగా వాయిస్తేనే ఆ బ్యాలెన్స్ వస్తుంది. రెండు మైకుల సెటప్‌లో మిక్సింగ్ ఇంజనీర్ డ్రమ్మరే.

మొత్తం మీద గిటార్లు మళ్లీ తీయడానికి వాళ్లకి రెండు మధ్యాహ్నాలు, వాయిస్‌కి ఒకటి, మిక్స్‌కి మూడు సాయంత్రాలు పట్టింది. డ్రమ్మర్ రైలెక్కడానికి నాలుగు రోజుల ముందు ఫైల్ రెడీ. రెండు వెర్షన్లు పక్కపక్కనే వింటే, పాత దాంట్లో గిటార్ ట్రాకుల మీద పెట్టిన ప్లగిన్లు పదకొండు, కొత్త దాంట్లో నాలుగు.

మీరు రికార్డ్ చేసేటప్పుడు ఆంప్, మైక్ ఫోటో ఒకటి తీసి పెట్టుకోండి, నాబ్‌లు కనిపించేలా. మళ్లీ ఒక లైన్ వాయించాల్సి వస్తే అదే సౌండ్ దొరకాలంటే అదొక్కటే దారి. ఎక్కడైనా ఇరుక్కుంటే ఆ ఫోటోతో పాటు పది సెకన్ల క్లిప్ కామెంట్‌లో లింక్ పెట్టండి, ఫోటో లేకుండా "ముద్దగా ఉంది అన్నా" అంటే నేనేం చెప్పలేను. వచ్చే ఎపిసోడ్‌లో ఇదే గదిలో, ఇదే ఎస్ఎం57తో వాయిస్ ఎలా తీశారో చూద్దాం, పరుపు మళ్లీ పనికొస్తుంది. ఉంటాను మరి, బై.